ఊళ్ల పేర్లతో ఉన్న 24 పేజీలు తీసేసి మూడు రాసుకున్నాం: మా నల్లగొండ ప్లంబింగ్ షాపు వెబ్‌సైటుతో ఎనిమిది నెలల అనుభవం

మా బావకు నల్లగొండలో ప్లంబింగ్ షాపు ఉంది. ముందు గదిలో సామాను అమ్మకం, బయటి పనులకు ఆరుగురు మనుషులు, ఒక వ్యాను. లెక్కలు, వెబ్‌సైటు నేను చూస్తాను. ఒక్క షాపు పెట్టుకొని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు పనికిపోయే వాళ్లకు వెబ్‌సైటులో ఊరికో పేజీ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మేం ముందు తప్పుగా పెట్టించుకున్నాం, తర్వాత తీసేసి మళ్లీ రాసుకున్నాం. జరిగింది జరిగినట్టు తేదీలతో చెబుతున్నాను.

2025 జనవరి 6న, గూగుల్‌లో మన పేజీల పరిస్థితి చూపించే సెర్చ్ కన్సోల్ తెరిచి చూశాను. అంతకు ఏడాది ముందు ఒకాయన 18,000 రూపాయలు తీసుకొని మాకు 24 పేజీలు చేసిచ్చాడు. పన్నెండు ఊళ్లు, ఊరికి రెండు చొప్పున: ఒకటి ప్లంబర్ పేరుతో, ఒకటి బాత్రూమ్ ఫిట్టింగ్ పేరుతో. ఆ 24లో గూగుల్ చేర్చుకున్నవి నాలుగే. 13 పేజీల పక్కన `Crawled - currently not indexed` అని ఉంది, అంటే గూగుల్ వచ్చి చదివింది కానీ తీసుకోలేదు. మిగతా ఏడింటికి `Duplicate, Google chose different canonical than user` అని ఉంది. వాటిలో ఒక్కొక్కదాన్ని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి చూస్తే, ఏడింటికీ అసలు పేజీగా గూగుల్ ఎంచుకున్నది నల్లగొండ పేజీనే. అంటే సూర్యాపేట పేజీ, కోదాడ పేజీ, మహబూబ్‌నగర్ పేజీ దాని లెక్కలో నల్లగొండ పేజీకి నకళ్లు.

ఆ మాట వాస్తవమే. పేజీలన్నీ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టి, ఊరి పేరు ఉన్నచోటల్లా బొటనవేలు అడ్డంపెట్టి చదివాను. "... ప్రజలకు నమ్మకమైన, నాణ్యమైన ప్లంబింగ్ సేవలు. ...లో ఎక్కడున్నా 30 నిమిషాల్లో మీ ఇంటికి వస్తాం." వేలు తీస్తే తప్ప అది ఏ ఊరి పేజీయో చెప్పలేం. బావకు చూపిస్తే ఆయన చూపు ముప్పై నిమిషాల దగ్గరే ఆగిపోయింది. "దేవరకొండకు ముప్పై నిమిషాల్ల ఎట్ల పోతంరా? వ్యానుకు గంటన్నర పడ్తది" అన్నాడు. ఏడాదిగా మా షాపు పేరు మీద ఆ అబద్ధం బయట ఉంది. నకలు పేజీల కన్నా నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఇలాంటివాటిని గూగుల్ తన స్పామ్ నియమాల్లో డోర్‌వే పేజీలు అంటుంది. ఊళ్ల పేర్లతో వెతికేవాళ్లను పట్టుకోవడానికి దాదాపు ఒకేలాంటి పేజీలు పరిచి, చివరికి అందరినీ ఒకే చోటికి తోయడం. మా మీద చర్య తీసుకున్నట్టు నోటీసేమీ రాలేదు, `Manual actions` ఖాళీగానే ఉంది. నోటీసు లేకపోయినా 24లో 20 పేజీలు ఎవరికీ కనిపించడం లేదు.

తెలిసినవాళ్లు రెండు ఉపాయాలు చెప్పారు. వాక్యాలు అటూ ఇటూ మార్చి మళ్లీ రాయమన్నారు ఒకరు. మాటలు మారినంత మాత్రాన లోపలి విషయం మారదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే క్యానానికల్ ట్యాగును అన్ని పేజీల్లో హోమ్ పేజీకి పెట్టమన్నారు ఇంకొకరు. అలా పెడితే ఆ పేజీలను చూపించొద్దని మనమే గూగుల్‌కు చెప్పినట్టు. చూపించొద్దనుకున్న పేజీ ఉంచుకోవడం ఎందుకు?

అప్పుడు బిల్లు పుస్తకాల మీద పడ్డాం. 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా ఉన్న బిల్లులన్నీ జనవరి 8 నుంచి 11 వరకు కంప్యూటర్లోకి ఎక్కించాం. ఒక కుర్రాడికి 1,500 ఇచ్చి కూర్చోబెట్టాను, ఊరు, పని, సామాను, పట్టిన సమయం అని నాలుగు గడులు. మొత్తం 386 బిల్లులు. నల్లగొండ 231, మిర్యాలగూడ 64, దేవరకొండ 38, నకిరేకల్ 19, హాలియా 14, చిట్యాల 8, నార్కట్‌పల్లి 6, సూర్యాపేట 3, ఊరు రాయనివి 3. కోదాడ, భువనగిరి, మహబూబ్‌నగర్, హైదరాబాద్ పేర్లతో పేజీలున్నాయి, బిల్లు మాత్రం ఒక్కటీ లేదు.

ఏ ఊరికి పేజీ ఉండాలో ఆ లెక్కే తేల్చింది. నేను పెట్టుకున్న కొలమానం ఒకటే: ఆ ఊరి బిల్లులు మాత్రమే ముందు పెట్టుకొని, పక్క ఊరి పేజీలో రాయలేని విషయాలు కనీసం నాలుగైదు రాయగలనా? నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండకు రాయగలను. నకిరేకల్‌కు 19 బిల్లులు ఉన్నా, అన్నీ నల్లగొండలో చేసేలాంటి పనులే, అవే రేట్లు, అవే మనుషులు. కాబట్టి దానికి విడి పేజీ వద్దనుకున్నాం. సూర్యాపేట దగ్గర బావ చాలాసేపు పట్టుబట్టాడు. "పెద్ద ఊరు, అదిప్పుడు జిల్లా కేంద్రం, వదిలేస్తే ఎట్ల?" అన్నాడు. మూడు బిల్లుల్లో రెండు మన చుట్టాలవేనని చూపిస్తే ఊరుకున్నాడు. ఊరు పెద్దదైనంత మాత్రాన రాయడానికి మన దగ్గర సరుకు ఉండదు.

సంక్రాంతి సెలవుల్లో దేవరకొండ పేజీ మొదటి ప్రతి రాశాను. అదీ తప్పే. వేరుగా ఉండాలన్న తాపత్రయంలో దేవరకొండ కోట గురించి ఒక పేరా, రోడ్ల గురించి ఒక పేరా, చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒక పేరా పెట్టాను. చదవడానికి వేరుగానే ఉంది. కానీ నల్లా కారుతున్న మనిషికి కోట చరిత్ర దేనికి? ఆ మూడు పేరాలు తీసేస్తే కింద మిగిలింది పాత పేజీయే. నాలుగు సాయంత్రాలు పోయాయి. చించేసి బిల్లుల దగ్గరికే తిరిగొచ్చాను.

ఈసారి బావను, దేవరకొండ పనులకు పోయే ఇద్దరినీ కూర్చోబెట్టుకొని 38 బిల్లులు ఒక్కొక్కటిగా అడిగాను. అందులో 15 బోరు మోటరు ఎత్తి దించే పనులు. నల్లగొండ టౌనులో ఆ పని మాకు అరుదు. అక్కడికి ఫోన్ వస్తే మావాళ్లు ముందు అడిగేవి నాలుగు: బోరు ఎన్ని అడుగులు, మోటరు ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, పైపు ఇంచుంపావా ఇంచున్నరా. పైపు సైజు తప్పు చెబితే దానికి సరిపోని క్లాంపులు వేసుకొని పోతారు, పని కాదు, వ్యాను ఖాళీగా తిరిగొస్తుంది, ఆ రోజంతా పోయినట్టే. 2024లో అలా రెండుసార్లు జరిగింది. పేజీలో ఆ నాలుగు ప్రశ్నలు, ఎందుకు అడుగుతామో కారణంతో సహా పెట్టాను. సైజు తెలియకపోతే బోరు మూత దగ్గర పైకి కనిపించే పైపును స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమని రాశాం.

రెండో విషయం గీజర్లు. తొమ్మిది బిల్లులు గీజరు లోపల తెల్లటి పొర కట్టినవి. నా ప్రతిలో "ఫ్లోరైడ్ నీళ్ల వల్ల గీజరు పాడవుతుంది" అని రాసుకున్నాను, ఎందుకంటే ఫోన్ చేసేవాళ్లందరూ అలాగే అంటారు. బావ అది కొట్టేయమన్నాడు. ఆ పొర నీటిలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల, అంటే గట్టి నీళ్ల వల్ల వస్తుంది, ఫ్లోరైడ్ వల్ల కాదు. మా జిల్లా పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ బాధ నిజమే, కానీ అది తాగే నీళ్ల సంగతి. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే గీజరు బతుకుతుంది, ఫ్లోరైడ్ మాత్రం పోదు, దానికి ఆర్‌ఓ లాంటిది కావాలి. ఈ రెండూ కలిపేసి సాఫ్ట్‌నర్ కొని, ఇక బోరు నీళ్లు తాగొచ్చనుకున్న ఇల్లు ఒకటి మావాళ్లకు నిజంగానే ఎదురైంది. ఈ భాగం రాశాకే ఆ పేజీ ఎందుకు ఉండాలో నాకు అర్థమైంది. ఫోన్‌లో ప్రతివాళ్లకూ చెప్పే మాట ఇప్పుడు అక్కడ రాసి ఉంది.

మూడోది రోజులు, డబ్బులు. దేవరకొండకు మంగళ, శుక్రవారాలే పోతాం, చూడటానికి వస్తే 500, పని చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తాం. మిర్యాలగూడకు అదే 350, నల్లగొండలో 150. ఈ అంకెలు బయటపెట్టడానికి బావ వారం రోజులు ఒప్పుకోలేదు. పక్క షాపువాళ్లు చూసి యాభై తగ్గించి చెబుతారన్న భయం. చివరికి ఒక నెల ఉంచి చూద్దామని ఒప్పించాను.

మిర్యాలగూడ పేజీ పూర్తిగా వేరే దారి పట్టింది. 64 బిల్లుల్లో 17 రైస్ మిల్లులవి. మిల్లుల్లో జీఐ లైన్లు, పెద్ద వాల్వులు, నానబెట్టే తొట్లకు నీళ్లు పోయే పైపులు. వడ్లు దిగే కాలంలో మిల్లు ఆపరు, కాబట్టి పని రాత్రి చేయాలి, లేదా కోతలకు ముందే చేయించుకోవాలి. ఆ మాటే పేజీలో మొదటి పేరా అయ్యింది. ఏం చేయమో కూడా రాశాం: బాయిలరు నుంచి వచ్చే ఆవిరి లైను మేం ముట్టుకోము, దానికి బాయిలర్ల చట్టం కింద అనుమతి ఉన్నవాళ్లే రావాలి. ఇళ్ల పనులకు కింద వేరే భాగం పెట్టాం. మా వ్యాను మిర్యాలగూడ పోయిన రోజు హాలియా మీదుగా తిరిగొస్తుంది కాబట్టి హాలియా పనులు కూడా ఇదే పేజీలో ఒక భాగమయ్యాయి. నల్లగొండ పేజీకి ఇంత కష్టపడలేదు, 231 బిల్లులున్న ఊరు కదా, ఏది వదలాలన్నదే సమస్య.

ఫొటోలకు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. నెట్‌లో దొరికే బొమ్మలు వద్దని, మావాళ్ల ఫోన్లతో పని ముందు ఒకటి, తర్వాత ఒకటి తీయమన్నాను. ఇంటివాళ్లను అడిగి తీయాలి, ఇంటి నంబరు, మనుషులు కనిపించకూడదు. పేజీకి ఆరు ఫొటోలు చేరేసరికి మూడు వారాలైంది. ఖర్చు మాత్రం లేదు.

నల్లగొండ, మిర్యాలగూడ పేజీలు ఫిబ్రవరి 10న, దేవరకొండది 17న పెట్టాం. మిగతా ఊళ్లకు "ఎక్కడెక్కడికి వస్తాం" అని ఒకే పేజీ: ఊరు, పట్టే సమయం, ఏ రోజుల్లో పోతాం, ఎంత తీసుకుంటాం. అంతకుమించి ఒక్క మాట లేదు.

18న పాత 24 లింకుల సంగతి చూశాను. ఇక్కడ చాలామంది అన్నీ హోమ్ పేజీకి మళ్లించేస్తారు. పాత పేజీకి, చేరిన పేజీకి సంబంధం లేకపోతే గూగుల్ దాన్ని `Soft 404`గా, అంటే లేని పేజీ కిందే చూడొచ్చు, మళ్లింపు వల్ల వచ్చేదేమీ ఉండదు. అందుకని కొత్త పేజీలో ఆ ఊరి విషయం నిజంగా ఉంటేనే మళ్లించాను. నల్లగొండవి రెండు, దేవరకొండవి రెండు వాటి కొత్త పేజీలకు, మిర్యాలగూడవి రెండు, హాలియావి రెండు మిర్యాలగూడకు, నకిరేకల్, చిట్యాల, నార్కట్‌పల్లివి ఆరు "ఎక్కడెక్కడికి" పేజీకి. మొత్తం 14. సూర్యాపేటతో కలిపి మిగిలిన అయిదు ఊళ్ల పది పేజీలకు 410 ఇచ్చాను, అంటే అవి ఇక లేవని నేరుగా చెప్పడం. మా సైటు వర్డ్‌ప్రెస్, అపాచీ సర్వరు. సర్వరుకు ఇలాంటి ఆదేశాలు రాసే `.htaccess` ఫైలులో వరసలు ఇలా ఉన్నాయి:

```
RewriteEngine On
RewriteRule ^plumber-in-haliya/?$ /miryalaguda/ [R=301,L]
RewriteRule ^plumber-in-kodad/?$ - [G]
```

నేను చేసిన పొరపాటు ఇక్కడుంది. ఆ వరసలు `# BEGIN WordPress`, `# END WordPress` అన్న రెండు గుర్తుల మధ్య పెట్టాను. ఆ మధ్య భాగం వర్డ్‌ప్రెస్ సొంతం. ఫిబ్రవరి 20న పర్మలింకుల సెట్టింగు ఒకసారి సేవ్ చేయగానే అది తన భాగం మళ్లీ రాసుకొని నావన్నీ చెరిపేసింది. పాత పేజీలు అప్పటికే డిలీట్ చేసి ఉన్నాయి కాబట్టి 24 లింకులూ పేజీ దొరకలేదనే మామూలు 404కు పోతున్నాయి. మార్చి 3న గానీ చూసుకోలేదు. పన్నెండు రోజులు పోయాయి. `# BEGIN WordPress`కు పైన పెట్టాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. అప్పటినుంచి సెట్టింగు ఏది మార్చినా వెంటనే రెండు మూడు లింకులు పరీక్షిస్తున్నాను:

```
curl -I https://example.com/plumber-in-haliya/
```

మొదటి వరసలో 301, కింద `location` దగ్గర మిర్యాలగూడ పేజీ కనిపించాలి. ఇంకో జాగ్రత్త, పాత లింకులను `robots.txt`లో ఆపేయకూడదు. ఆపితే గూగుల్ లోపలికి రాదు, రాకపోతే మళ్లింపు, 410 రెండూ దానికి తెలియవు.

తర్వాత ఎదురుచూపులు. నల్లగొండ పేజీ మూడో రోజు, ఫిబ్రవరి 13న గూగుల్‌లో చేరింది. మిర్యాలగూడది 21న. దేవరకొండది మాత్రం `Discovered - currently not indexed` దగ్గరే కూర్చుంది, అంటే పేజీ ఉందని గూగుల్‌కు తెలుసు కానీ ఇంకా వచ్చి చదవలేదు. `Request indexing` నాలుగుసార్లు నొక్కాను, నొక్కినకొద్దీ వేగం పెరగదని తెలిసీ మనసు ఆగలేదు. మార్చి మధ్యలో కారణం అనుమానం వచ్చింది: ఆ పేజీకి లింకు కింద ఫుటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. హోమ్ పేజీలో మూడు ఊళ్ల పేర్లు కనిపించేలా పెట్టాను, గీజర్ల పేజీలో గట్టి నీళ్ల మాట వచ్చినచోట దేవరకొండ పేజీకి లింకిచ్చాను. మార్చి 24న చేరింది. ఆ లింకుల వల్లే అని రుజువు చేయలేను కానీ మెనూ నుంచి దారిలేని పేజీ చూసేవాడికి కూడా దొరకదు, కాబట్టి ఎలాగూ చేయాల్సిన పనే. పాత లింకులు మే చివరికి 21 సర్దుకున్నాయి, ఆఖరిది జులైలో పోయింది. 410 ఇచ్చినవి కూడా సెర్చ్ కన్సోల్‌లో `Not found (404)` కిందే కనిపిస్తాయి, చూసి కంగారుపడ్డాను. అవి అక్కడ ఉండటం సరైనదే.

మ్యాపులో ఉండే బిజినెస్ ప్రొఫైల్ కూడా సరిచేశాం. సర్వీసు ఏరియాలు 20 దాకా పెట్టుకోవచ్చు, కానీ షాపు నుంచి దాదాపు రెండు గంటల ప్రయాణం దాటకూడదని గూగుల్ మార్గదర్శకం. మహబూబ్‌నగర్, హైదరాబాద్, కోదాడ తీసేశాం. మిర్యాలగూడలో తెలిసినవాళ్ల కొట్టు అడ్రసు పెట్టి ఇంకో ప్రొఫైల్ తెరవమని ఒకరు సలహా ఇచ్చారు. మన మనుషులు ఉండని అడ్రసు పెట్టడం నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ నిలిపేస్తే నల్లగొండలో ఉన్న రివ్యూలకే ముప్పు. బావ ఒక్క మాటలో వద్దన్నాడు.

ఇందువల్ల ఒక పరిమితి మిగిలే ఉంది. మిర్యాలగూడలో నిలబడి ప్లంబర్ అని వెతికితే మ్యాపులో వచ్చే మొదటి మూడు పేర్లలో మేం లేము. మ్యాపు ఫలితాల్లో దూరం కూడా లెక్కలోకి వస్తుంది, మా షాపు నల్లగొండలో ఉంది, పేజీ ఎంత బాగా రాసినా అది మారదు. మ్యాపు కింద వచ్చే మామూలు ఫలితాల్లోనే ఆ పేజీ పనికొస్తుంది, అదీ "రైస్ మిల్ పైప్ లైన్", "బోర్ మోటార్ లిఫ్టింగ్" లాంటి మాటలు ఊరి పేరుతో కలిపి వెతికినప్పుడే ఎక్కువగా.

ఫోన్ వచ్చిన ప్రతిసారి ఎక్కడ చూసి చేశారో అడిగి నోటు పుస్తకంలో రాస్తున్నాం. మిర్యాలగూడ నుంచి వెబ్‌సైటు చూసి చేసేవాళ్లు 2024 చివర్లో నెలకు ఒకరిద్దరు, 2025 జూన్ నుంచి ఆగస్టు దాకా నెలకు తొమ్మిది మంది దాకా. దేవరకొండ నుంచి సున్నా ఉండేది, ఇప్పుడు అయిదు. నల్లగొండలో పెద్ద తేడా లేదు. ధరలు పెట్టాక దేవరకొండ నుంచి ఊరికే రేటు అడిగే ఫోన్లు తగ్గాయి, చేసేవాళ్లు పైపు ఫొటో పంపి మరీ చేస్తున్నారు. జూన్ నుంచి ఆగస్టు దాకా సైజు తప్పి వ్యాను ఖాళీగా తిరిగిరాలేదు. బావ ఇప్పుడు ఆ 500 తీసేయమని అడగడం లేదు.

నకిరేకల్ ఫోల్డరు ఒకటి తెరిచి ఉంచాను. ఈ ఏడాది అక్కడ రెండు అపార్ట్‌మెంట్లలో సంపు నుంచి పై ట్యాంకు దాకా పాత జీఐ లైన్లు తీసేసి సీపీవీసీ వేశాం, నల్లగొండలో మేం చేయని రకం పని. నాలుగు ఫొటోలు, రెండు బిల్లులు చేరాయి. ఇంకో రెండు మూడు బిల్డింగులు అయ్యాక రాయడానికి కూర్చుంటాను. అప్పటిదాకా నకిరేకల్ "ఎక్కడెక్కడికి వస్తాం" పేజీలో ఒక వరసగానే ఉంటుంది.